ఇరవై సెకన్ల హెల్త్ ఇన్సూరెన్స్ ప్రకటన: ఒక్క క్లెయిమ్ కథ, నాలుగు లైన్ల డిస్‌క్లెయిమర్

ఇరవై సెకన్ల టీవీ స్పాట్‌లో డిస్‌క్లెయిమర్ నాలుగు లైన్లకు మించి పట్టదు. ఇది నా అభిప్రాయం కాదు, లెక్క. ప్రకటనల ప్రమాణాల మండలి ఏఎస్‌సీఐ మార్గదర్శకాల ప్రకారం తెర మీద డిస్‌క్లెయిమర్ ఒక ఫ్రేమ్‌లో రెండు లైన్లు దాటకూడదు. ఒక్కో లైనుకు నాలుగు సెకన్లకు పైగా నిలవాలి. అంటే రెండు లైన్ల ఫ్రేమ్ ఎనిమిది సెకన్ల పైన ఉండాలి. అలాంటివి రెండు పెడితే పదహారు సెకన్లు దాటుతుంది. ఐదో లైను కలిపితే ఇరవై సెకన్లూ దాటిపోతుంది.

మన దగ్గర జరిగేది మాత్రం దీనికి తలకిందులుగా ఉంటుంది. ముందు కథ రాస్తారు, షూట్ చేస్తారు, ఎడిట్ ముగుస్తుంది. ఆ తర్వాత బీమా సంస్థలో నిబంధనలు చూసే కంప్లయన్స్ విభాగం నుంచి పది లైన్ల డిస్‌క్లెయిమర్ వస్తుంది. దాన్ని చీమంత అక్షరాల్లో చివరి మూడు సెకన్లలో ఇరికిస్తారు. చూసేవాళ్లకు ఒక్క ముక్క అందదు, నిబంధన కూడా నెరవేరదు. అందుకే ఈ పని చేసే పద్ధతిని తిరగేయాలి. ముందు ఆ నాలుగు లైన్లు ఏవో తేల్చుకోవాలి. అవి సరిపోయే కథను ఎంచుకోవాలి. చిన్న అక్షరాల్లోకి పోయే షరతుల్లో వీలైనన్నింటిని పాత్ర నోటితోనే చెప్పించాలి. కథలో చెప్పేసిన షరతుకు కింద లైను ఖర్చు కాదు.

ఒక స్పాట్‌ను మొదటి నుంచి చివరి దాకా కట్టుకుంటూ పోదాం.

మొదటి పని: జబ్బును ఎంచుకోవడం

క్లెయిమ్ కథ అనగానే చాలామందికి గుండె ఆపరేషనో మోకాలి చిప్ప మార్పిడో తడుతుంది. పెద్ద బిల్లు కాబట్టి నాటకీయత ఎక్కువ. కానీ ఇరవై సెకన్లకు ఇవి పనికిరావు. గుండె జబ్బు అనగానే ఆ మనిషికి బీపీ, షుగర్ ముందే ఉన్నాయా, పాలసీ తీసుకునేటప్పుడు చెప్పాడా అన్న ప్రశ్న వస్తుంది. ముందునుంచి ఉన్న జబ్బులకు గరిష్ఠంగా 36 నెలల దాకా వేచి ఉండే కాలం పెట్టుకునే వీలు బీమా సంస్థలకు ఉంది (2024కు ముందు అది 48 నెలలు). మోకాలి మార్పిడి, హెర్నియా, కంటి శుక్లం లాంటివి పాలసీల్లో విడిగా జాబితా చేసిన జబ్బుల కిందికి వస్తాయి. వాటికీ సాధారణంగా రెండేళ్లు, గరిష్ఠంగా మూడేళ్లు ఆగాలి. ఇవన్నీ చెప్పకుండా శుక్లం ఆపరేషన్‌కు డబ్బు వచ్చినట్టు చూపిస్తే తప్పుదోవ పట్టించినట్టు. చెబితే నాలుగు లైన్లూ వాటికే అయిపోతాయి.

నేను డెంగీని ఎంచుకుంటాను. అది ముందునుంచి ఉన్న జబ్బు కాదు, దోమ కుట్టాక వచ్చేది. రెండేళ్లు ఆగాల్సిన జబ్బుల జాబితాల్లో మామూలుగా ఉండదు. దానికి అడ్డొచ్చేది పాలసీ మొదలైన తొలి 30 రోజుల వేచి ఉండే కాలం ఒక్కటే. ఆ కాలంలో ప్రమాదాలకు తప్ప మిగతా జబ్బులకు క్లెయిమ్ ఉండదు. పైగా వానలు పడ్డాక వరంగల్‌లోనైనా విశాఖలోనైనా డెంగీ గురించి ఎవరికీ వివరించనక్కర్లేదు. ‘ప్లేట్‌లెట్లు పడిపోయాయి’ అన్న మాట ప్రతి ఇంట్లో విన్నదే. ఇరవై సెకన్లలో జబ్బును పరిచయం చేసే సెకన్లు మిగలడం చిన్న లాభం కాదు.

ప్రమాదం కథ అయితే 30 రోజుల గొడవ కూడా ఉండదు కదా అని అడగొచ్చు. నిజమే. కానీ బైక్ మీద నుంచి పడ్డాడు అనగానే హెల్మెట్, లైసెన్సు, తాగి ఉన్నాడా లేదా అన్న ఆలోచనలు చూసేవాళ్లకు వస్తాయి. డెంగీలో తప్పు దోమది.

రెండో పని: బిల్లు కాగితం మీద క్లెయిమ్‌ను నడిపించడం

స్క్రిప్టు ముట్టుకోక ముందు, నిజంగా ఒక క్లెయిమ్ వస్తే ఎలా తేలుతుందో కాగితం మీద వేసి చూడాలి. ఆ సంస్థ పాలసీ నిబంధనల పత్రం దగ్గర పెట్టుకుని, క్లెయిమ్స్ విభాగంలో పనిచేసేవారిని ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుంటే మంచిది. కాపీరైటర్లు ఈ మెట్టు దాటేస్తారు. తర్వాత వచ్చే చిక్కుల్లో చాలా వరకు ఇక్కడే మొదలవుతాయి.

మన ఉదాహరణలో బీమా మొత్తం 5 లక్షలు. గది అద్దె పరిమితి రోజుకు 5,000. బిల్లులో కొంత శాతం మనమే కట్టాలనే సహ చెల్లింపు షరతు లేదు. పాలసీ తీసుకుని రెండేళ్లు దాటింది. హాస్పిటల్ ఆ సంస్థ నెట్‌వర్క్‌లోనే ఉంది. డెంగీతో నాలుగు రోజులు చేరారు. బిల్లు ఇలా ఉందనుకుందాం: గది, నర్సింగ్ రోజుకు 5,000 చొప్పున 20,000. డాక్టర్ల ఫీజులు 12,000. రక్త పరీక్షలు, స్కానింగ్ 20,000. మందులు, సెలైన్లు 24,000. గ్లౌజులు, అడ్మిషన్ కిట్, రికార్డు చార్జీలు, తోడున్నవారి భోజనం లాంటివి 4,000. మొత్తం 80,000.

ఇందులో చివరి 4,000 చాలా పాలసీల్లో చెల్లింపునకు రాని వస్తువుల కిందికి పోతుంది. మిగిలిన 76,000 బీమా సంస్థ కడుతుంది. కథకు ఈ రెండు అంకెలే ఆయువుపట్టు.

ఇప్పుడు ఒక్క మార్పు చేసి చూద్దాం. అదే కుటుంబం రోజుకు 8,000 గదిలో చేరిందనుకుందాం. గది ఖర్చు 32,000 అవుతుంది, మొత్తం బిల్లు 92,000. గది కింద సంస్థ ఇచ్చేది 20,000 మాత్రమే. అక్కడితో ఆగదు. పరిమితి దాటిన గది తీసుకుంటే దానితో ముడిపడ్డ ఖర్చులకు కూడా అదే నిష్పత్తిలో కోత పడుతుంది. ఇక్కడ నిష్పత్తి ఎనిమిదిలో ఐదు వంతులు. డాక్టర్ల ఫీజు 12,000కు 7,500 వస్తుంది. మందులకు, పరీక్షలకు ఈ కోత వేయకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ చెప్పింది కాబట్టి అవి పూర్తిగా వస్తాయి. లెక్క కడితే సంస్థ ఇచ్చేది 71,500, కుటుంబం చేతి నుంచి పడేది 20,500. మంచి గది తీసుకున్నందుకు బిల్లు పెరిగింది, వచ్చే డబ్బు తగ్గింది. చాలామంది ‘గదికి తేడా మూడు వేలే కదా’ అనుకుని డిశ్చార్జి రోజున కౌంటర్ దగ్గర గొడవ పడేది ఇందుకే.

ఈ రెండో లెక్కను ప్రకటనలో చెప్పం. కానీ ఇది చేసి చూడటం వల్ల షూట్‌కు ఒక నియమం దొరికింది. గది మామూలుగా కనిపించాలి. సోఫా, పెద్ద టీవీ, పూలకుండీ ఉన్న డీలక్స్ గదిలో తీసి 4,000 మాత్రమే కట్టాం అనిపిస్తే, ఆ దృశ్యమే అబద్ధం. ఆర్ట్ డైరెక్టర్లు గదిని అందంగా చేయాలని చూస్తారు. ఈ కాగితం వాళ్లకు చూపిస్తే చాలు.

మీ సంస్థ పాలసీలో గది అద్దె పరిమితే లేకపోతేనో, గ్లౌజుల లాంటి వాటికి కూడా కవరేజీ ఉంటేనో లెక్క మారుతుంది. అప్పుడు 4,000 కథ చెప్పొద్దు, ఆ పాలసీలో నిజంగా చేతి నుంచి పడేది ఏదో దాన్నే తీసుకోవాలి. ఏమీ పడదు అనే పాలసీ దొరికినా, ‘ఒక్క రూపాయి కూడా కట్టక్కర్లేదు’ అన్న వాక్యానికి మాత్రం దూరంగా ఉండండి. దానికి పెట్టాల్సిన మినహాయింపుల జాబితా మీ నాలుగు లైన్లలో పట్టదు.

మూడో పని: నోట్లో పట్టే అంకెలు, మాటలు

తెలుగులో నిడివిని పదాల్లో లెక్కపెడితే మోసపోతాం. ‘కట్టాల్సివచ్చింది’ అన్నది కూడా ఒక పదమే, ‘మేం’ అన్నదీ ఒక పదమే. అక్షరాలు లెక్కపెట్టాలి. నేను సెకనుకు ఐదారు అక్షరాల వేగం పెట్టుకుంటాను. ఏడు దాటితే డబ్బింగ్ ఆర్టిస్టు పరుగెత్తుతున్నట్టు వినిపిస్తుంది. డబ్బు గురించి చెప్పేటప్పుడు పరుగెత్తే గొంతు అనుమానం పుట్టిస్తుంది. ఊపిరికీ, చివర్లో పేరు పలకకుండా నిలపడానికీ రెండు సెకన్లకు పైగా వదిలితే, మనకు మిగిలేది వంద అక్షరాల లోపు.

అందుకే బిల్లు 80,000. ‘ఎనభై వేలు’ ఐదు అక్షరాలు, ఒక సెకను. అదే 81,800 అని రాస్తే ‘ఎనభై ఒక్క వేల ఎనిమిది వందలు’ పద్నాలుగు అక్షరాలు, రెండున్నర సెకన్లు. విన్నవాళ్లకు గుర్తుండదు కూడా. కల్పిత ఉదాహరణ కాబట్టి గుండ్రటి అంకె పెట్టుకోవడంలో తప్పులేదు. బిల్లులోని వాటాలు మాత్రం నిజమైన క్లెయిమ్‌లో వచ్చే తీరులో ఉండాలి.

స్క్రిప్టు ఇది. మొదటి ఐదు వాక్యాలు భార్య గొంతు, చివరిది అనౌన్సర్.

*మా ఆయనకి డెంగీ, నాలుగు రోజులు హాస్పిటల్లో ఉన్నాం.*
*బిల్లు ఎనభై వేలు.*
*రెండేళ్లుగా కడుతున్న పాలసీ ఉంది.*
*బీమా కంపెనీ డెబ్భై ఆరు వేలు నేరుగా హాస్పిటల్‌కే కట్టింది.*
*గ్లౌజులు, కిట్ల లాంటి వాటికి నాలుగు వేలు మేం కట్టాం.*
*ఏది వస్తుందో, ఏది రాదో కొనేముందే చదవండి.*

తొంభై ఆరు అక్షరాలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. మామూలు వేగంలో పదిహేడున్నర సెకన్లు.

మూడో వాక్యాన్ని తీసేయమని క్లయింటు తప్పకుండా అంటారు. ‘రెండేళ్లుగా ఎందుకు, పాలసీ ఉంది అంటే చాలదా?’ అని. చాలదు. ఆ ఒక్క మాట వల్ల ఈ క్లెయిమ్ మొదటి నెలలో వచ్చింది కాదని చూసేవాళ్లకు అర్థమవుతుంది. నిన్న కొని ఇవాళ చేరొచ్చు అన్న అభిప్రాయం కలగదు. ‘కడుతున్న’ అన్నదీ అవసరమే. పాలసీ మధ్యలో తెగిపోకుండా రెన్యువల్ అయిందని చెబుతోంది.

ఐదో వాక్యం గురించి ఇంకా పెద్ద వాదన జరుగుతుంది. అమ్మే ప్రకటనలో ‘మేం కట్టాం’ అని ఎందుకు అంటారు. నా జవాబు ఒక్కటే. బీమా ప్రకటనల నిబంధనల్లో తప్పుదోవ పట్టించే ప్రకటనకు నిర్వచనం ఉంది. పాలసీ ఇవ్వలేనిది ఇస్తుందని చెప్పడం, ముఖ్యమైన మినహాయింపులు, పరిమితులు చెప్పకపోవడం లేదా సరిపడా చెప్పకపోవడం అందులోకి వస్తాయి. ఒకప్పుడు ఇవి 2021 నాటి బీమా ప్రకటనల నిబంధనల్లో ఉండేవి. 2024లో పాలసీదారుల ప్రయోజనాల పరిరక్షణ నిబంధనల్లో కలిపేశారు. ఆ నాలుగు వేలను కథలోంచి తీసేస్తే ‘చెల్లింపునకు రాని వస్తువులు ఉంటాయి’ అని కింద ఒక లైను పెట్టాలి, అది ఐదో లైను. పైగా 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం డిస్‌క్లెయిమర్ అసలు మాటను వివరించవచ్చు, ఖండించకూడదు. పైన తప్పు చెప్పి కింద దిద్దే వీలు కూడా లేదు. ‘బిల్లంతా కంపెనీయే కట్టింది’ అని పైన అని, కింద ‘కొన్ని ఖర్చులు చెల్లించబడవు’ అని రాస్తే సరిగ్గా ఆ తప్పే చేసినట్టు.

వ్యాపారం వైపు నుంచి చూసినా నాకు ఈ వాక్యమే నచ్చుతుంది. హెల్త్ పాలసీ ఉన్నవాళ్ల ఇళ్లలో ఎంతో కొంత సొంతంగా కట్టిన అనుభవం ఉంటుంది. అది చెప్పే ప్రకటనను నమ్ముతారు.

నాలుగో పని: కింద నడిచే నాలుగు లైన్లు

మొదటి ఫ్రేమ్‌లో క్లెయిమ్‌కు సంబంధించిన రెండు లైన్లు:

*ఇది కల్పిత ఉదాహరణ. చెల్లింపు పాలసీ షరతులు, పరిమితులను బట్టి ఉంటుంది.*
*ప్రమాదాలకు తప్ప మొదటి 30 రోజులు క్లెయిమ్ ఉండదు. కొన్ని జబ్బులకు 36 నెలల దాకా ఆగాలి.*

రెండో ఫ్రేమ్‌లో అమ్మకానికి సంబంధించిన రెండు లైన్లు:

*రిస్క్ అంశాలు, షరతుల వివరాలకు కొనేముందు సేల్స్ బ్రోచర్‌ను జాగ్రత్తగా చదవండి.*
*సంస్థ పూర్తి నమోదిత పేరు, ఐఆర్‌డీఏఐ రిజిస్ట్రేషన్ నంబరు, ఉత్పత్తి గుర్తింపు సంఖ్య యూఐఎన్, ప్రకటన నంబరు.*

సేల్స్ బ్రోచర్ లైను బీమా ప్రకటనల్లో ఎప్పటినుంచో ఉన్నదే. దానికి సంస్థ ఆమోదించిన తెలుగు పాఠం ఉంటే అక్షరం మార్చకుండా అదే వాడాలి. లేకపోతే మీరు రాసింది వాళ్ల చేత ముందే ఖాయం చేయించుకోవాలి. 36 నెలలు అన్నది కూడా మీ పాలసీ పత్రంలో ఎంత ఉందో అంత రాయాలి. కొన్ని పాలసీల్లో అది 24, ఇంకొన్నింటిలో 12.

సంస్థ పేరు లోగోలో ఉందిగా అనుకోవద్దు. లోగోలో ఉండేది తరచుగా బ్రాండు పేరు. నమోదిత పూర్తి పేరు వేరుగా, పొడుగ్గా ఉంటుంది.

సంస్థ వెబ్‌సైట్లలో, బ్రోచర్లలో నకిలీ ఫోన్ కాల్స్ గురించి, ఐఆర్‌డీఏఐ పాలసీలు అమ్మదని చెప్పే హెచ్చరిక కనిపిస్తుంది. మీ క్లయింటు దాన్ని టీవీ స్పాట్‌లో కూడా పెట్టాలనే పద్ధతి పాటిస్తుంటే మొదటి సమావేశంలోనే తెలియాలి. అప్పుడు ఇరవై సెకన్లు చాలవు, ముప్పై సెకన్ల స్లాటు అడగాలి. ఎడిట్ అయ్యాక ఈ మాట బయటపడితే బలయ్యేది కథే.

భాష విషయానికొస్తే, ప్రకటన తెలుగులో ఉంటే డిస్‌క్లెయిమర్ కూడా తెలుగులోనే ఉండాలి. హిందీ మాస్టర్‌కు తెలుగు డబ్బింగ్ చెప్పించి, కింది లైన్లను ఇంగ్లిష్‌లోనే వదిలేసిన స్పాట్‌లు మన చానళ్లలో ఎన్నో చూస్తుంటాం. అక్షరాల రూపం కూడా పైన చెప్పిన మాట అక్షరాలదే ఉండాలని వినియోగదారుల సంస్థ మార్గదర్శకాలు అంటున్నాయి.

పరిమాణం దగ్గర తెలుగువాళ్లకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఏఎస్‌సీఐ ఇచ్చిన కొలత ఇంగ్లిష్ చిన్నబడి అక్షరాల ఎత్తు మీద ఉంది: హెచ్‌డీలో కనీసం 18 పిక్సెళ్లు, ఎస్‌డీలో 12. మనకు చిన్నబడి లేదు. వత్తులు కిందికి, గుడులు పైకి పోతాయి. మొత్తం ఎత్తు కొలిచి 18 వచ్చిందంటే అసలు అక్షరం అందులో సగమే ఉండొచ్చు. వత్తూ గుడీ లేని ‘ర’ లాంటి అక్షరం ఒంటి ఎత్తును కొలవాలి. అది 18 ఉండేలా చూస్తే, ‘ర్థ్య’ లాంటివి కింది లైను తలకు తగలకుండా లైన్ల మధ్య ఎడం పెంచాలి. దానివల్ల రెండు లైన్ల పట్టీ హిందీ స్పాట్‌లో కంటే ఎత్తుగా వస్తుంది. షూట్‌లోనే తెర కింది భాగంలో ముఖ్యమైనదేదీ లేకుండా కెమెరా పెట్టుకోవాలి. బిల్లు కాగితాన్ని టేబుల్ మీద పెట్టి తీస్తే అంకెలు పట్టీ కిందికి పోతాయి. చేతిలో పట్టుకుని పైకెత్తి చూపిస్తే ఆ బాధ ఉండదు.

ఐదో పని: సెకన్ల పట్టిక

మాట వినపడే వేళకు దానికి సంబంధించిన డిస్‌క్లెయిమర్ తెర మీద ఉండాలి. వాయిస్ ఓవర్‌లో చెప్పిన మాటకు డిస్‌క్లెయిమర్ దానితో పాటే, అదే వేగంలో రావాలని 2022 మార్గదర్శకాలు చెబుతున్నాయి. డెబ్భై ఆరు వేలు ఎనిమిదో సెకనులో వినిపించి, షరతులు పద్దెనిమిదో సెకనులో వస్తే కుదరదు. ఈ నియమాన్నీ, ఎనిమిది సెకన్ల నియమాన్నీ కలిపి చూస్తే సర్దుబాటుకు చోటు ఎంత తక్కువో తెలుస్తుంది.

- 0.3 నుంచి 3.7: మంచం, సెలైన్ సీసా, భార్య ముఖం. మొదటి వాక్యం.
- 2.5: మొదటి ఫ్రేమ్ మొదలు.
- 3.8 నుంచి 5.0: చేతిలో బిల్లు, 80,000 అంకె. రెండో వాక్యం.
- 5.0 నుంచి 7.3: క్యాష్‌లెస్ కౌంటర్ దగ్గర పాలసీ కార్డు అందిస్తోంది. మూడో వాక్యం.
- 7.3 నుంచి 11.1: తెర మీద 76,000 అంకె. నాలుగో వాక్యం.
- 11.2: మొదటి ఫ్రేమ్ తీసేయడం. నిలిచింది 8.7 సెకన్లు.
- 11.3: రెండో ఫ్రేమ్ మొదలు. చివరి దాకా ఉంటుంది, అదీ 8.7 సెకన్లు.
- 11.3 నుంచి 14.6: 76,000 పక్కనే అదే సైజులో 4,000. ఆమె పర్సులోంచి డబ్బు తీస్తోంది. ఐదో వాక్యం.
- 15.3 నుంచి 18.4: ఇంటి గుమ్మం, ఆయన నెమ్మదిగా నడుస్తున్నాడు. అనౌన్సర్.
- 18.4 నుంచి 20: సంస్థ పేరు, లోగో.

మొదటి ఫ్రేమ్ 2.5 దగ్గర మొదలుకావడం డైరెక్టర్లకు నచ్చదు. ‘ఇంకా ఏమీ చెప్పకముందే కింద రాతా?’ అంటారు. కానీ దాన్ని ఒక సెకను ఆలస్యంగా మొదలుపెడితే రెండో ఫ్రేమ్ కూడా ఒక సెకను ఆలస్యమవుతుంది, దానికి 7.7 సెకన్లే మిగులుతాయి. రెండు లైన్లకు అది చాలదు. సాగదీసే వీలున్నది ఆ అర సెకను, ముప్పావు సెకనే.

4,000 అంకె 76,000 అంత సైజులోనే ఉండాలి. గ్రాఫిక్స్ వాళ్లు అలవాటుగా పెద్ద అంకెను మెరిపించి, చిన్నదాన్ని మూలకు నెడతారు. నోటితో చెప్పిన నిజాన్ని బొమ్మతో దాచేసినట్టు అవుతుంది.

అదే స్పాట్‌ను నిలువు రీల్‌గా చేస్తే పట్టికలోని వరుసే పనికొస్తుంది, చోటు మారుతుంది. ఫోన్‌లో కింది భాగాన్ని ఖాతా పేరు, శీర్షిక కప్పేస్తాయి. డిస్‌క్లెయిమర్ పట్టీని వాటికి పైన నిలపాలి. వెడల్పు తక్కువ కాబట్టి మన రెండు లైన్లు నాలుగు లైన్లుగా విరుగుతాయి, నిలవాల్సిన సమయం పెరుగుతుంది. నిలువుదానికి వాక్యాలను ఇంకా కుదించాలి, లేదా నిడివి పెంచాలి. సౌండ్ ఆపి చూసేవాళ్ల కోసం మాటల క్యాప్షన్లు వేస్తే, అవి డిస్‌క్లెయిమర్ దగ్గరకు రాకుండా తెర పైభాగంలో ఉండాలి.

లోపలికి రానివ్వకూడని మాటలు

ప్రతి సమావేశంలో ఎవరో ఒకరు ‘గంటలో క్యాష్‌లెస్’ పెట్టమంటారు. 2024 మే 29 నాటి ఐఆర్‌డీఏఐ మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ అభ్యర్థన మీద గంటలోగా నిర్ణయం చెప్పాలి. డిశ్చార్జి వేళ తుది అనుమతి హాస్పిటల్ అడిగిన మూడు గంటల్లో ఇవ్వాలి. గమనించండి, గంటలో రావాల్సింది నిర్ణయం. అది ‘కాదు’ అని కూడా కావచ్చు. ప్రకటనలో ఆ మాట వినగానే జనానికి అర్థమయ్యేది గంటలో డబ్బు మంజూరు అయిపోతుందని. దాన్ని సరిచేయాలంటే ఒక లైను కావాలి, మనకు లేదు.

ప్రీమియం అంకె కూడా అంతే. ‘నెలకు ఇంతే’ అనగానే ఎంత వయసుకు, ఎంత బీమా మొత్తానికి, ఎంతమందికి అని రాయాలి. పాత టెంప్లేట్లలో ఉండే ‘18 శాతం జీఎస్‌టీ అదనం’ అన్న ముక్క ఎక్కడైనా మిగిలిపోయిందేమో కూడా చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ హెల్త్ పాలసీల ప్రీమియం మీద జీఎస్‌టీ లేదు. పన్ను మినహాయింపు గురించి అంటే చట్టం మారవచ్చన్న లైను, కొత్త పన్ను విధానంలో హెల్త్ ప్రీమియం మినహాయింపు వర్తించదన్న వివరం, ఇలా తోక పెరుగుతుంది. క్లెయిమ్‌ల పరిష్కార శాతానికి ఏ సంవత్సరం, ఎక్కడి లెక్క అన్న లైను కావాలి. ఇవన్నీ మంచి విషయాలే, వేరే స్పాట్‌లకు. ఈ స్పాట్ ఒక్క క్లెయిమ్ గురించి.

ఆమోదం, పరీక్ష

కట్ చేసిన స్పాట్‌ను ముందు ఫోన్‌లో, యాభై దాటిన ఇద్దరు ముగ్గురికి ఒక్కసారి చూపించండి. విడివిడిగా అడగండి: కంపెనీ ఎంత కట్టింది, వాళ్లు ఎంత కట్టారు, ఇవాళ కొంటే రేపు చేరొచ్చా. మొదటి ప్రశ్నకు ‘అంతా కంపెనీయే కట్టింది’ అంటే 4,000 దగ్గర బొమ్మ బలహీనంగా ఉంది. ఆ షాట్‌కు నిడివి పెంచాలి, కావాలంటే గుమ్మం షాట్‌లోంచి అర సెకను తీసుకోండి. మూడో ప్రశ్నకు ‘చేరొచ్చు’ అంటే ‘రెండేళ్లుగా’ అన్న మాట మింగేసినట్టు వినిపిస్తోంది. మళ్లీ డబ్బింగ్ చెప్పించాలి. కింది లైన్ల సంగతి తేల్చుకోవడానికి సౌండ్ ఆపి ఇంకోసారి చూపించి, మొదటి ఫ్రేమ్ పూర్తిగా చదవగలిగారో లేదో అడిగితే చాలు.

ఆమోదానికి పంపేటప్పుడు వీడియో ఒక్కటే పంపకండి. స్క్రిప్టు, సెకన్ల పట్టిక, బిల్లు లెక్క కాగితం, ఒక్కో వాక్యం పాలసీ పత్రంలో ఏ నిబంధన మీద ఆధారపడిందో పక్కన రాసిన కాగితం కలిపి పంపండి. సంస్థలోని ప్రకటనల కమిటీ చూసేది ఆ ఆధారాలనే. అవి లేకపోతే అనుమానం వచ్చిన ప్రతిచోటా ఒక డిస్‌క్లెయిమర్ లైను చేర్చమంటారు. ఆమోదం వచ్చాక ఇచ్చే ప్రకటన నంబరు నాలుగో లైనులో చేరుతుంది. దాని కోసం ఖాళీ వదిలి ఉంచుకుంటే ఆఖరి రోజున అక్షరాలు కుదించే పని ఉండదు.

ఏజెంట్లకు ఒక మాట. ఇలాంటి వీడియో మీరే సొంతంగా చేసి వాట్సాప్ గ్రూపుల్లోనో రీల్స్‌లోనో పెట్టాలనుకుంటే, అదీ బీమా ప్రకటనే. ముందుగా సంస్థ నుంచి రాతపూర్వక ఆమోదం తీసుకోవాలి. సంస్థ ఆమోదించిన స్పాట్‌కు మీ గొంతుతో కొత్త మాటలు కలిపినా అది కొత్త ప్రకటన కిందే లెక్క.

స్పాట్ ప్రసారంలో ఉండగా పాలసీ మారితే ఏం చేయాలో కూడా ముందే రాసి పెట్టుకోండి. వేచి ఉండే కాలం, గది పరిమితి, చెల్లింపునకు రాని వస్తువుల జాబితా, ఈ మూడింటిలో ఏది సవరించినా మన కథ లెక్క తప్పుతుంది. మొదటిది మారితే కింది లైను మార్చి, కొత్త ప్రకటన నంబరుతో మళ్లీ ఆమోదం తీసుకుంటే సరిపోతుంది. రెండోది తగ్గినా, మూడోది మారినా మాత్రం డబ్బింగ్, గ్రాఫిక్స్ రెండూ మళ్లీ చేయాలి. అందుకే భార్య గొంతు రికార్డు చేసే రోజునే ఐదో వాక్యాన్ని మూడు నాలుగు వేర్వేరు అంకెలతో చెప్పించి దాచుకుంటాను. 76,000 వాక్యాన్ని కూడా వాటికి సరిపోయే అంకెలతో చెప్పించుకోవాలి, లేకపోతే కూడిక 80,000 రాదు.